ముప్పై ఏడు వాయిదాలు

సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి కళ్యాణి ఫోన్ చేసేసరికి నేను పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. పాలు పొంగి బర్నర్ మీద పడుతున్నాయి. చెయ్యి చాపితే మంట తగ్గించవచ్చు. చాపలేదు, చూస్తూ ఉండిపోయాను. నాలుగు నెలలుగా నాకు అలవాటైన పద్ధతి అది.

"ఏమే వరూధినీ, టీవీ పెట్టినావా?"

"లేదు."

"పెట్టొద్దులే. గుండె ఆగిపోతాది. సెన్సెక్స్ ఒక్క దెబ్బకు మూడు వేల తొమ్మిదొందలు పడిపోయిండాది. అమెరికావాళ్లు సుంకాలేవో వేసినారంట, లోకమంతా గగ్గోలుగా ఉండాది. మనవాళ్లందరం మాట్లాడుకున్నాం. ఫండ్లలో ఉన్న డబ్బు ఈ దినమే తీసేద్దాం. పదకొండుకంతా గిరిధర్ ఆఫీసుకు వచ్చేయ్. పాన్ కార్డు మర్చిపోవద్దు."

గుండె మాట నోరు జారినందుకు ఆమె ఒక్క క్షణం ఆగింది. మా ఆయన పద్మనాభం పోయింది గుండెపోటుతోనే, నవంబరు నెలాఖరున. ఆమె ఆగిన సంగతి నాకు తెలిసింది గానీ, ఆ మాట నన్నెక్కడా తాకలేదు. "సరే" అని ఫోన్ పెట్టేసి, మిగిలిన పాలతో కాఫీ కలుపుకున్నాను.

ఇక్కడ మా స్టాఫ్ రూం గురించి చెప్పాలి. ఈ కన్నడ నగరంలో నగర్తపేట పక్క సందులో ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. కళ్యాణి సోషల్, హనుమంతు డ్రిల్లు మాస్టరు, ఇంకో ఇద్దరు ముగ్గురు. మా స్టాఫ్ రూంలో ఏ పని అయినా అందరూ కలిసే చేసేవాళ్లం. జీతం ఆలస్యమైతే మేనేజ్‌మెంటుకు రాసే ఉత్తరం అయినా, స్కూల్ డేకి కట్టుకునే చీర రంగు అయినా, కళ్యాణి ముందు సంతకం పెట్టేది, దాని కింద మేమందరం పెట్టేవాళ్లం. విడిగా ఎవరైనా ఒకరు ఉంటే మేనేజ్‌మెంటు ఆ ఒక్కరినే పట్టుకుని పీడిస్తుంది. అందుకని విడిగా ఉండకూడదని నేర్చుకున్నాం. అది మాకు మేలు చేసింది కూడా. రిటైరైన తర్వాత ఆ అలవాటును డబ్బు మీదికి తెచ్చుకోవడం మాత్రం మా తెలివితక్కువతనం.

ప్రైవేటు స్కూలు కాబట్టి పెన్షన్ అంటూ చెప్పుకోదగ్గది లేదు. పీఎఫ్ తాలూకు పెన్షన్ నెలకు రెండు వేల తొమ్మిది వందలు, అంతే. మా ఆయన ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు, ఆయనదీ అదే కథ. పిల్లలు లేరు. ఉన్నదల్లా చేతికొచ్చిన డబ్బు, దాంట్లోనే చివరిదాకా అద్దె కట్టి, మందులు కొనుక్కుని, ఎవరి గడపా ఎక్కకుండా బతకాలి. అరవై ఆరేళ్ల వయసులో నాకు మిగిలిన పని ఇదొక్కటే.

ఆ డబ్బును ఒకసారి నేను పాడు చేశాను కూడా. రెండు వేల ఇరవై మార్చిలో. కరోనా వచ్చి మార్కెట్టు కుప్పకూలింది. మార్కెట్టుతో పాటే లేచి పడే ఇండెక్స్ ఫండులో మాకు ఇరవై వేల యూనిట్లు, అంటే వాటాలు, ఉండేవి. జనవరిలో ఇరవై రెండు లక్షలకు పైనే పలికినవి, మార్చి ఇరవై మూడున పద్నాలుగు లక్షలకొచ్చాయి. కళ్యాణి ఫోన్ చేసింది, అందరూ తీసేస్తున్నామని. ఫండు నా పేరున, మా ఆయన పేరున జంటగా ఉండేది, అమ్మడానికి ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లుతుంది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్‌లోనే ఓటీపీ చెప్పి అన్నీ అమ్మేశాను. ఆయన తల తుడుచుకుంటూ వస్తే చెప్పాను. ఆయన తుండు మడిచి తీగ మీద వేసి, "సరే, అన్నం పెట్టు" అన్నారు.

అంతకంటే ఒక్క మాట అనలేదు. ఆ రోజు గానీ తర్వాత గానీ.

నేను అమ్మిన రోజే మార్కెట్టుకు అట్టడుగు రోజు. అది నాకెలా తెలుస్తుంది? ఎవరికీ తెలియదు. ఆ తర్వాత పెరుగుతుంటే, ఇది ఉత్తుత్తి పెరుగుదల, మళ్లీ పడుతుంది, పడ్డప్పుడు కొందామని స్టాఫ్ రూమంతా అనుకున్నాం. పడలేదు. పద్దెనిమిది నెలలకు పైగా ఆ పద్నాలుగు లక్షలు సేవింగ్స్ ఖాతాలో మూలుగుతూ పడి ఉన్నాయి. చివరికి ఆయనే ఒకరోజు, "ఇక చాలు, తిరిగి పెట్టేద్దాం" అన్నారు. అదే పద్నాలుగు లక్షలకు ఈసారి ఎనిమిది వేల నాలుగు వందల యూనిట్లు కూడా రాలేదు. ఇరవై వేలు ఎక్కడ, ఎనిమిది వేలెక్కడ! తీసేయడం ఒక్క నిమిషం పని, తిరిగి ఎక్కడానికి ఏడాదిన్నర పట్టింది. లెక్కల టీచరును కదా, ఆ తేడా తెలియక కాదు. తెలిసే ఆ పేజీ మూసేశాను.

మళ్లీ అదే స్టాఫ్ రూం, అదే ఫోన్, అదే "సరే". తేడా ఏమిటంటే, అప్పుడు భయపడి అమ్మాను. ఈసారి భయం కూడా లేదు. అందరూ వెళుతున్నారు కాబట్టి చీర మార్చుకుని బయలుదేరాను.

గిరిధర్ ఆఫీసు నగర్తపేటలో, జరీ దారం హోల్‌సేల్ షాపు మీద, నిటారు మెట్లు ఎక్కాక ఉంటుంది. వాళ్ల తాతలు రాయలసీమ నుంచి వచ్చి ఈ పేటలోనే స్థిరపడ్డారు. అతను మా అందరికీ ఫండ్ల పని చూసిపెట్టే మనిషి. నలభై ఐదేళ్లుంటాయి. ఆ రోజు అతని రెండు ఫోన్లూ ఆగకుండా మోగుతున్నాయి. మోగుతుంటే బోర్లించి పెట్టేశాడు.

"మేడమ్, మీరందరూ కూర్చోండి. నీళ్లు తాగండి," అన్నాడు.

"కూర్చునేదానికి టైం లేదప్పా," అంది కళ్యాణి. "మూడు గంటల లోపల ఫారం పడాలంట కదా? మూడు దాటితే రేపటి రేటు వేస్తారంట. రేపు ఇంకా పడితే?"

"మూడు లోపల పడితే ఈ దినం రేటు, ఔను. అయినా ఈ దినం రేటు ఎంతనేది మార్కెట్టు మూసినాకనే తేలేది. పొద్దున చూసిన రేటుకు ఎవరూ ఇచ్చేది లేదు. ఆన్‌లైన్లో చేస్తే ఇక్కడే అయిపోతాది గదా?"

"వద్దు. ఫోన్లల్లో మోసాలు ఎక్కువైనాయి. కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకుంటేనే నాకు నిద్ర పడతాది."

గిరిధర్ వాదించలేదు. ఒక్కొక్కరికీ ఫారాలు, ఖాతా స్టేట్‌మెంట్లు ప్రింటు తీయడం మొదలుపెట్టాడు. నా వంతు వచ్చినప్పుడు కాగితాలు చేతిలోనే ఉంచుకుని అడిగాడు.

"మేడమ్, మీకు ఈ డబ్బు ఎప్పుడు కావాల?"

"ఎప్పుడు అంటే?"

"ఈ నెలలో కావాలా? వచ్చే సంవత్సరం కావాలా?"

అతనే ఒక కాగితం తిప్పి వెనకవైపు రాశాడు. నెలకు ఖర్చు ఇరవై ఆరు వేలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో ఉన్న పదిహేను లక్షల మీద వచ్చే వడ్డీ, నా పెన్షన్, ఆయన తరఫున వచ్చే పెన్షన్, అన్నీ కలిపి పద్నాలుగు వేల ఆరు వందలు. తగ్గేది పదకొండు వేల నాలుగు వందలు. బ్యాంకులో ఎఫ్‌డీ ఆరు లక్షలు.

"భాగించండి," అన్నాడు.

నాకే లెక్క చెబుతున్నాడు! అయినా భాగించాను. యాభై రెండు నెలలు. నాలుగేళ్లు దాటి.

"నాలుగు సంవత్సరాలు మీరు ఈ ఫండును ముట్టుకునే అవసరం లేదు మేడమ్. మార్కెట్టు ఎప్పుడు లేస్తాదో నాకు తెలీదు. లేస్తాదని కాగితం రాసియ్యమంటే రాసియ్యను. వచ్చే నెలకే కావాల్సిన డబ్బు ఇందులో ఉండుంటే నేనే తీసేయమందును. అట్ల లేదు కాబట్టి చెప్తా ఉండా."

"నేను తీసేస్తే నీ కమిషన్ పోతుంది. అందుకు కాదా?"

ఇలాంటి మాట నేను మామూలుగా అనను. ఆ రోజు మర్యాద కూడా మొద్దుబారి ఉంది. గిరిధర్ మొహం ఎర్రబడింది గానీ తడబడలేదు.

"పోతాది. మీ ఖాతా మీద నాకు సంవత్సరానికి మూడు వేలు వస్తాది, అది పోతాది. కరోనాలో మీరంతా చెప్తే ఎదురు మాట్లాడకుండా చేసేసినా. అప్పుడు ఎదురు చెప్పింటే కమిషన్ కోసరం అంటారని భయపడినా. సార్ తర్వాత ఒక్క మాట నన్ను అడిగినారు. ఆ మాట నాకు ఇంకా ఇక్కడే ఉండాది." గుండె మీద వేలు పెట్టాడు.

"ఏమడిగారు?"

"టైమవుతా ఉండాది, నడవండి!" అని కళ్యాణి నా భుజం పట్టుకుంది. గిరిధర్ ఫారమూ స్టేట్‌మెంటూ నా చేతిలో పెట్టాడు. అన్నీ తీసేయాలంటే ఏ గడిలో టిక్కు పెట్టాలో చూపించాడు. వద్దని ఇంకోసారి అనలేదు.

ఫండ్ల కాగితాలు తీసుకునే సేవా కేంద్రం మెట్రోలో రెండు స్టేషన్ల అవతల ఉంది. మేం వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. టోకెన్ యంత్రం దగ్గరే జనం. కుర్చీలు నిండి గోడల వెంట నిలబడ్డారు. ఎక్కువమంది మా వయసువాళ్లే. ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు, నీళ్ల సీసాలు, ఒకాయన చేతిలో టిఫిన్ డబ్బా. గోడ మీది టీవీలో ఎర్రంకెలు పరుగెడుతున్నాయి. ఆస్పత్రి వరండాలో ఎలా ఉంటారో అలా ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. నా టోకెన్ నూట పద్దెనిమిది. అప్పటికి నడుస్తున్నది డెబ్బై ఆరు.

హనుమంతు తన కుర్చీ నాకిచ్చి పక్కన నిలబడ్డాడు.

"తీసినాక ఏం చేస్తారు మాస్టారూ?" అని అడిగాను. ఊరికే అడిగాను, జవాబు కోసం కాదు.

"బ్యాంకులో పడేస్తాను."

"తర్వాత?"

"తర్వాత చూస్తాం. అంతా సర్దుకున్నాక మళ్లీ పెడతాం."

"సర్దుకున్నట్టు ఎట్లా తెలుస్తుంది?"

ఆయన కళ్యాణి వైపు చూశాడు. కళ్యాణి టీవీ వైపు చూసింది. పోయినసారి మేం పద్దెనిమిది నెలలు ఇలాగే చూశాం.

ఫారంలో యూనిట్ల సంఖ్య రాయాలి. అది స్టేట్‌మెంటులో ఉంటుంది. ఆయన పోయాక ఒక్కసారి కూడా నేను దాన్ని చూడలేదు. నిజం చెప్పాలంటే అంతకుముందు కూడా చూడలేదు. రెండు వేల ఇరవై తర్వాత ఆ కాగితాలన్నీ ఆయనే చూసుకునేవారు, సంతకం పెట్టమన్న చోట నేను పెట్టేదాన్ని. చివరి పేజీలో ఆఖరి అంకె ఉంది. పదివేల ఏడు వందల పద్దెనిమిది యూనిట్లు, చిల్లర. రాసేశాను. రాశాక పెన్ను ఆగిపోయింది. తిరిగి పెట్టినప్పుడు కొన్నవి ఎనిమిది వేల నాలుగు వందల లోపే కదా? మిగతా రెండు వేల మూడు వందలు ఎక్కడివి?

లెక్క సరిపోకపోతే వదిలేయడం నా వల్ల కాదు. మనిషి మొద్దుబారినా ఆ జబ్బు పోదు. మొదటి పేజీకి తిప్పాను. తిరిగి పెట్టిన పద్నాలుగు లక్షల కింద ఇంకా వరుసలున్నాయి.

రెండు వేల ఇరవై ఒకటి నవంబరు పది, పన్నెండు వేల రూపాయలు, డెబ్బై ఒక్క యూనిట్లు. డిసెంబరు పది, పన్నెండు వేలు. జనవరి పది, పన్నెండు వేలు. ప్రతి నెలా పదో తారీకు, అదే పన్నెండు వేలు. వరుస మీద వేలు పెట్టుకుంటూ కిందికి దిగాను. రెండు వేల ఇరవై రెండు జూన్‌లో మార్కెట్టు పడినట్టుంది, ఆ నెల పన్నెండు వేలకు ఎనభై యూనిట్లు వచ్చాయి. బాగా పెరిగిన నెలల్లో యాభైకి తగ్గాయి. ఇరవై తొమ్మిదేళ్లు పిల్లలకు విలోమానుపాతం చెప్పిన నేను, ధర తగ్గిన నెలల్లోనే ఎక్కువ యూనిట్లు చేతికొస్తాయని ఆ కుర్చీలో కూర్చుని కనిపెట్టాను. పడిన నెలల్లో కూడా ఆయన ఆపలేదు. ఒక్క నెలా ఆపలేదు. ఆఖరిది రెండు వేల ఇరవై నాలుగు నవంబరు పది. మొత్తం ముప్పై ఏడు వాయిదాలు.

ఆ కింద మూడు వరుసలు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మూడింటికీ ఎదురుగా, ఖాతాలో డబ్బు లేక తిరస్కరించినట్టు రాసి ఉంది. మూడుసార్లు తిరిగొచ్చాక వాయిదా దానంతట అదే రద్దయింది.

పన్నెండు వేలు ఎక్కడివో అప్పుడు తెలిసింది. అరవై ఐదేళ్లు దాటాక ఆయన ట్యూషన్లు మొదలుపెట్టారు. ఊరికి ఆ చివర బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక అపార్టుమెంటులో ముగ్గురు పిల్లలకు ఫిజిక్సు. వారానికి మూడు రోజులు. మెజెస్టిక్ బస్టాండు దాకా నడిచి, మూడు వందల ముప్పై ఐదు-ఈ నంబరు బస్సెక్కి, మారతహళ్లి ట్రాఫిక్కులో రెండు గంటలు పోను, రెండు గంటలు రాను. రాత్రి తొమ్మిదింటికి వచ్చి పాదాలు వేడినీళ్లలో పెట్టుకునేవారు. "ఈ వయసులో ఈ తిరుగుడు ఎందుకు?" అని నేను విసుక్కునేదాన్ని. "ఇంట్లో ఊరికే ఉండలేనే, తోచదు" అనేవారు. ఇద్దరి పేరునా ఇంకో బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు కూడా ట్యూషన్ డబ్బు వేరేగా ఉండనీ అన్నారు. నేను నమ్మాను. తోచకే తిరుగుతున్నారని నలుగురికీ చెప్పాను కూడా.

ఒక్క నిమిషంలో నేను పోగొట్టిన పదకొండు వేల ఆరు వందల యూనిట్లను ఆయన నెలకు అరవై, డెబ్బై చొప్పున తిరిగి కూడబెడుతున్నారు. ఆ లెక్కన ఇంకో పన్నెండేళ్లో, పదిహేనేళ్లో పడుతుంది. ఫిజిక్సు లెక్చరరుకు ఆ లెక్క రాకనా?

నాకు ఏడుపు రాలేదు. అప్పుడు కూడా రాలేదు.

గిరిధర్‌కు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"సార్ నిన్ను ఏమడిగారు?"

వెనక ఇంకో ఫోను మోగుతూనే ఉంది. "పోయిన యూనిట్లు నెలనెలా కొంచెం కొంచెం కొనేది ఆమెకు తెలీకుండా చేసేకి అయితాదా అని అడిగినారు మేడమ్. కొత్త వాయిదా పెట్టాలంటే, మీరు మొదటి పేరు కాబట్టి మీ సంతకం లేకుండా కాదన్నా. అయితే సంతకం పెట్టిస్తా, ఎందుకని మాత్రం నువ్వు చెప్పొద్దప్పా, ఆమె బాధపడతాది అన్నారు."

"నూట పద్దెనిమిది," అని బోర్డు మీద వెలిగింది. టైం రెండూ యాభై రెండు. కళ్యాణి తన కౌంటరు దగ్గర నుంచి స్టాంపు పడిన రసీదు గాల్లో ఊపుతూ నన్ను రమ్మని సైగ చేస్తోంది.

కౌంటరులోని అమ్మాయి కన్నడంలో ఫారం అడిగింది. నా చేతిలో ఫారం ఉంది, సంతకంతో సహా. అప్పటికి గిరిధర్ వేసిన లెక్క నా బుర్రలోకి దిగింది. నాలుగేళ్లు దీనితో నాకు పనిలేదు. యూనిట్లు పదివేల ఏడు వందల పద్దెనిమిది, నిన్నా అంతే, ఈ రోజూ అంతే. తగ్గింది ఈ రోజు ఎవరైనా కొంటే ఇచ్చే ధర. నేను అమ్మడం లేదు కాబట్టి ఆ ధర నాకు అక్కర్లేదు. ఇది ధైర్యం కాదు, మూడో తరగతి తీసివేత.

"వద్దమ్మా," అన్నాను. "ఇంకొకరిని పిలువు."

బయట మెట్ల మీద కళ్యాణి నన్ను పట్టుకుంది. "నీది అయిందా?"

"ఇవ్వలేదు."

"టైం దాటిపోయిందా?"

"దాటలేదు. నేనే ఇవ్వలేదు."

ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "అందరం కలిసి అనుకున్నాం గదే! రేపు ఉన్నది ఊడ్చుకుపోతే ఏం చేస్తావు? ఒంటరి దానివి, ఎవరుండారు నీకు?"

"ఎవరూ లేరు. అందుకే కళ్యాణీ."

ఆమెకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆమె సంతకం కింద నా సంతకం లేకపోవడం అదే మొదటిసారి. హనుమంతు ఇద్దరి మధ్యా నిలబడి, ఎండగా ఉంది, మజ్జిగ తాగుదాం అన్నాడు. కళ్యాణి తాగకుండా వెళ్లిపోయింది.

భయం ఆ సాయంత్రం వచ్చింది. ఇంట్లో దీపం వేస్తుంటే పట్టుకుంది. నాలుగు నెలల్లో నన్ను తాకిన మొట్టమొదటి సంగతి అది. మంచం మీద కూర్చుని, ఒకవేళ ఈ ఇరవై మూడు లక్షలు పదిహేనైతే, పదైతే అని పిచ్చి లెక్కలు వేశాను. ఆ రాత్రి నిద్ర లేదు.

మంగళవారం మార్కెట్టు పైకి లేచింది. ఊపిరి పీల్చుకోవచ్చనుకుంటున్నారా? అదే అసలు పరీక్ష. పదిన్నరకు కళ్యాణి నుంచి సందేశం వచ్చింది, కోపం మరిచిపోయి. నిన్నటికంటే మంచి రేటు దొరుకుతోంది, రేపు మళ్లీ పడుతుందంటున్నారు, ఇప్పుడైనా బయటపడు అని. ఆమె చెడు కోరి రాయలేదు. పన్నెండుకు మళ్లీ రాసింది. ఒంటిగంటకు హనుమంతు రాశాడు. ఫారం డైనింగ్ టేబుల్ మీదే ఉంది. సంతకం ఉంది. మెట్రో పది నిమిషాల దూరం. నిన్న నన్ను ఆపిన లెక్క ఈ రోజు కూడా కరెక్టే, కానీ భయానికి లెక్కలు రావు. రెండుసార్లు చెప్పులు వేసుకున్నాను. రెండుసార్లు విప్పాను. రెండోసారి విప్పాక ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. ఇంకో ఫారం తెచ్చుకోవడం ఎంతసేపు? అందుకని వంటింట్లోకెళ్లి నేల మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉండిపోయాను. ఏమీ చేయకుండా కూర్చోవడం ఇంత కష్టమైన పనని నాకెవరూ చెప్పలేదు. రెండున్నర. రెండూ నలభై ఐదు. మూడు.

మూడూ పది అయింది. నేను ఏమీ చేయలేదు.

గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. మొదట నాదని తెలియలేదు. తర్వాత ఆపుదామంటే ఆగలేదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ చిక్కమ్మ మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది, చేతికి పిండి కూడా కడుక్కోకుండా.

"ఏమైందమ్మా? పడినారా? ఎందుకట్ల ఏడుస్తా ఉండారు?"

"మా ఆయన చనిపోయారు," అన్నాను.

చిక్కమ్మ నా మొహంలోకి చూసింది. ఆయన్ని మంచం మీద నుంచి దింపిన వాళ్లలో ఆమె ఒకతె. పదకొండు రోజులూ నాకు అన్నం పంపిన మనిషి.

"నాలుగు నెల్లాయె గదమ్మా," అంది మెల్లగా.

"నాకు ఇప్పుడే తెలిసింది," అన్నాను. ఆమె ఇంకేమీ అడగకుండా నేల మీద నా పక్కన కూర్చుంది.